శీర్షికలో తేదీ, వాక్యంలో లెక్క

నెలనెలా నివేదికలు పంపే ఆఫీసుల్లో కొత్త నెల ఫైలును మొదటినుంచి తయారుచేసేవాళ్లు తక్కువ. పోయిన నెల ఫైలునే ఇంకో పేరుతో సేవ్ చేసుకుని అందులో అంకెలు మారుస్తారు. పట్టికలో అంకె మారగానే కింద మొత్తాలు, పక్కన శాతాలు వాటంతట అవే మారిపోతాయి. పైన చేత్తో టైపు చేసిన శీర్షిక మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఏప్రిల్ మొదటివారంలో పై ఆఫీసుకు చేరే కాగితాల్లో, లోపల లెక్కలన్నీ మార్చివి అయినా, నెత్తిమీద 'ఫిబ్రవరి 28 నాటికి' అని కనిపించే కాగితం ఒకటో రెండో ఉంటాయి. చదివేవారికి ఏది నమ్మాలో తెలియదు. శీర్షిక తప్పా, లెక్క తప్పా అని ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది.

శీర్షికను కూడా ఫార్ములాగా రాస్తే ఈ చిక్కు పోతుంది. పట్టిక ఏ సెల్ నుంచి లెక్క తీసుకుంటోందో, శీర్షిక కూడా ఆ సెల్ నుంచే తీసుకుంటుంది. ఒకచోట మారిస్తే రెండు చోట్లా మారుతుంది. ఎక్సెల్‌లో ఇందుకు పనికొచ్చే ఫంక్షన్ పేరు TEXT. చూడటానికి చిన్నదే. దాన్ని తెలుగు వాక్యంలో, మన లక్షల కామాలతో, మన ఆర్థిక సంవత్సరంతో వాడబోయినప్పుడు మాత్రం కొన్ని విషయాలు తెలిసి ఉండాలి.

ఉదాహరణకు ఒక మండల మహిళా సమాఖ్య ఆఫీసును తీసుకుందాం. డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన అప్పుల మీద నెలనెలా డీసీబీ రిపోర్టు తయారవుతుంది. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని చెప్పే నివేదిక అది. డిమాండ్, వసూలు, బకాయి అని అందరూ పిలిచేవి ఈ మూడింటినే. షీటులో B1 సెల్‌లో తేదీ ఉంది: 31-03-2025. B2లో డిమాండ్ 13,50,000 రూపాయలు. B3లో వసూలు 12,47,350 రూపాయలు. శీర్షికలో తేదీ, వసూలైన మొత్తం, శాతం రావాలి. అకౌంటెంట్ మొదట ఇలా రాసిందనుకుందాం.

```
=B1&" నాటికి వసూలు రూ."&B3&", డిమాండ్‌లో "&B3/B2
```

మాటలను, సెల్‌లను ఒకదాని పక్కన ఒకటి అతికించే గుర్తు & అని ఆమెకు తెలుసు. ఎంటర్ కొట్టగానే వచ్చిన వాక్యం ఇది: '45747 నాటికి వసూలు రూ.1247350, డిమాండ్‌లో 0.923962962962963'.

ఎక్కడా తప్పు లేదు. ఎక్సెల్ తన దగ్గర ఉన్నదాన్ని ఉన్నట్టే ఇచ్చింది. ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని, ఆ తర్వాత ఒక్కో రోజుకూ ఒక్కో అంకె చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ లెక్కలో 2025 మార్చి 31కి వచ్చే సంఖ్య 45747. B1 సెల్‌లో మనకు 31-03-2025 అని కనిపించడం ఆ సెల్‌కు ఇచ్చిన ఫార్మాట్ వల్ల. ఆ ఫార్మాట్ సెల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, విలువను కాదు. వాక్యంలోకి విలువ ఒక్కటే వస్తుంది, దాని రూపం అక్కడే ఉండిపోతుంది. B3లో కామాలు, శాతం గుర్తు రాకపోవడానికి కారణం కూడా ఇదే.

TEXT చేసే పని, ఆ రూపాన్ని వాక్యంలో మళ్లీ ఇవ్వడం. దానికి రెండు విషయాలు చెప్పాలి. ఏ విలువ అన్నది మొదటిది, అది ఎలా కనిపించాలన్నది రెండోది. రెండోదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి.

```
=TEXT(B1,"dd-mm-yyyy")&" నాటికి వసూలు రూ."&TEXT(B3,"#,##0")&", డిమాండ్‌లో "&TEXT(B3/B2,"0.0%")
```

ఇప్పుడు శీర్షిక '31-03-2025 నాటికి వసూలు రూ.12,47,350, డిమాండ్‌లో 92.4%' అని వస్తుంది. ఇందులో d అంటే రోజు, m అంటే నెల, y అంటే సంవత్సరం. ఒక d రాస్తే 5, రెండు రాస్తే 05. నెలకు రెండు m రాస్తే 03, మూడు రాస్తే Mar, నాలుగు రాస్తే March. అంకెల విషయంలో సున్నా రాసిన చోట అంకె తప్పకుండా కనిపిస్తుంది. # రాసిన చోట అంకె ఉంటేనే కనిపిస్తుంది. ఈ తేడా పట్టించుకోకుండా "0.##" అని రాసేవాళ్లున్నారు. 12.5 వచ్చినప్పుడు బాగానే ఉంటుంది. సరిగ్గా 12 వచ్చిన రోజున '12.' అని చివర ఒక ఒంటరి చుక్క మిగులుతుంది, వాక్యం అక్కడే ముగిసినట్టు కనిపిస్తుంది. వాక్యం మధ్యలో వచ్చే అంకెకు "0.00" గానీ "0.0" గానీ రాయడం మేలు.

'రూ.' అన్న మాటను TEXT బయట ఉంచడం గమనించారా? ఫార్మాట్ లోపల చుక్కకు దశాంశ బిందువు అనే అర్థం ఉంది. "రూ.#,##0" అని లోపల రాస్తే 'రూ' తర్వాతి చుక్కను ఎక్సెల్ పొట్టిరాతకు పెట్టిన చుక్క అనుకోదు, దశాంశం అక్కడ మొదలైందనుకుని అంకెలను తారుమారు చేస్తుంది. ఇంగ్లిషులో Rs అని రాసినా చిక్కే, ఎందుకంటే s అంటే సెకన్లు. మాటలన్నీ బయట, అంకెల నమూనా ఒక్కటే లోపల అన్న పద్ధతి పెట్టుకుంటే ఇలాంటివి ఎదురుకావు.

మార్చి అని రావాలంటే

తేదీని అంకెల్లో రాయడం కంటే నెల పేరుతో రాయడం మంచిది. చదవడానికి హాయిగా ఉంటుందన్నది ఒక కారణం మాత్రమే. అంతకంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అని పెట్టి ఉంటే, 04-03-2025 అని టైపు చేసినప్పుడు ఎక్సెల్ దాన్ని మార్చి 4గా కాక ఏప్రిల్ 3గా తీసుకుంటుంది. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. సెల్‌లో అంకెలే కనిపిస్తున్నంతకాలం ఆ తప్పు ఎవరి కంటా పడదు. శీర్షికలో 'ఏప్రిల్ 3' అని అక్షరాల్లో కనిపించగానే సమాఖ్య అధ్యక్షురాలైనా పట్టుకుంటారు.

తెలుగు వాక్యంలో March అని ఇంగ్లిషులో వస్తే బాగుండదు. దానికీ దారి ఉంది. విండోస్‌లో ప్రతి భాషకూ ఒక సంఖ్య ఉంది. తెలుగుది 44A, పక్కన తమిళానిది 449, కన్నడానిది 44B, హిందీది 439. ఆ సంఖ్యను చదరపు బ్రాకెట్లలో, డాలరు గుర్తు, అడ్డగీత తర్వాత రాయాలి.

```
=TEXT(B1,"[$-44A]mmmm d, yyyy")&" నాటికి"
```

'మార్చి 31, 2025 నాటికి' అని వస్తుంది. dddd అని కూడా చేర్చితే వారం పేరు 'సోమవారం' అని తెలుగులోనే వస్తుంది. కొత్త ఎక్సెల్‌లో 44A బదులు te-IN అని రాసినా పనిచేస్తుంది. పాత కంప్యూటర్లు కూడా ఉన్న ఆఫీసులో సంఖ్యనే వాడటం క్షేమం.

నెల పేరు తెలుగులో రాగానే వ్యాకరణం అడ్డుపడుతుంది. 'మార్చికి' అంటాం, 'జూన్‌కు' అంటాం, 'ఆగస్టుకు' అంటాం. ఫార్ములాలో 'కి' అని అతికిస్తే సగం నెలలకు కుదురుతుంది, మిగతా నెలలకు చెవికి గుచ్చుకుంటుంది. దీనికోసం పెద్ద ఫార్ములా రాయక్కర్లేదు. నెల పేరుకూ విభక్తికీ మధ్య 'నెల' అన్న మాట పెడితే చాలు. 'మార్చి నెలకు', 'జూన్ నెలకు', 'ఆగస్టు నెలలో' అన్నీ ఒకే అచ్చులో కుదురుతాయి. 'నాటికి' కూడా అలాంటిదే, ఏ తేదీ వెనక చేరినా రూపం మారదు.

డీసీబీ రిపోర్టుల మీద ఆర్థిక సంవత్సరం కూడా రాస్తారు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. కాబట్టి 2025 మార్చి 31 వచ్చేది 2024-25లో, దాని మర్నాడు వచ్చేది 2025-26లో. శీర్షికల్లో చేత్తో రాసేటప్పుడు ఎక్కువగా పొరపాటు పడేది ఏప్రిల్ నెల రిపోర్టులోనే. TEXT తో దీన్ని ఇలా రాయవచ్చు.

```
=TEXT(EDATE(B1,-3),"yyyy")&"-"&TEXT(EDATE(B1,9),"yy")
```

EDATE తేదీని నెలల చొప్పున వెనక్కో ముందుకో జరుపుతుంది. మార్చి 31, 2025ను మూడు నెలలు వెనక్కి జరిపితే డిసెంబరు 31, 2024 అవుతుంది, అందులోంచి 2024 వస్తుంది. తొమ్మిది నెలలు ముందుకు జరిపితే డిసెంబరు 31, 2025 అవుతుంది, అందులోంచి 25 వస్తుంది. రెండూ కలిసి 2024-25. ఏప్రిల్ 1, 2025ను ఇలాగే జరిపితే జనవరి 1, 2025, జనవరి 1, 2026 వస్తాయి. శీర్షిక 2025-26 అవుతుంది.

పన్నెండు లక్షలా, ఒకటిన్నర కామానా

అకౌంటెంట్ తన కంప్యూటర్‌లో 12,47,350 అని చూసి ఫైలు పంపింది. జిల్లా ఆఫీసులో అదే ఫైలు తెరిచినవారికి శీర్షికలో 1,247,350 అని కనిపించింది. ఫైలులో ఏమీ మారలేదు. "#,##0" అన్న నమూనా 'కామాలు పెట్టు' అని మాత్రమే చెబుతుంది, ఎక్కడ పెట్టాలో చెప్పదు. అది విండోస్‌లోని ప్రాంతీయ అమరికను బట్టి ఉంటుంది. భారత్ అని పెట్టిన కంప్యూటర్‌లో మొదట మూడు అంకెల తర్వాత, ఆపైన రెండేసి అంకెలకు కామా పడుతుంది. అమెరికా అని పెట్టిన కంప్యూటర్‌లో ప్రతి మూడు అంకెలకూ పడుతుంది. చాలా కంప్యూటర్లు దుకాణం నుంచి అమెరికా అమరికతోనే వస్తాయి, వాటిని మార్చే తీరిక ఎవరికీ ఉండదు.

ప్రతి కంప్యూటర్ అమరికనూ మార్చడం మన చేతిలో లేని పని. శీర్షికలోనే కామాల స్థానాలను ఖాయం చేసేయవచ్చు. ఫార్మాట్‌కు ముందు చదరపు బ్రాకెట్లలో షరతు రాసే వీలుంది. కోటి, అంతకు మించితే ఒక నమూనా, లక్ష, అంతకు మించితే ఇంకో నమూనా, ఆలోపు అయితే మూడోది.

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

కామా ముందున్న వాలుగీత 'ఈ కామాను ఇక్కడే, ఉన్నది ఉన్నట్టు పెట్టు' అని చెబుతుంది. 1247350 రెండో షరతులో పడుతుంది, కాబట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా 12,47,350 అనే వస్తుంది. మొత్తం నూరు కోట్లు దాటినా ఎడమ చివరి ## మిగిలిన అంకెలన్నిటినీ తీసుకుంటుంది, 123,45,67,890 అని సరిగానే చూపిస్తుంది.

దీనికో పరిమితి ఉంది. రుణ సంఖ్యలు, అంటే మైనస్‌వి, మొదటి రెండు షరతులకూ లొంగవు. అవి మూడో నమూనాలో పడి, మళ్లీ ఆ కంప్యూటర్ అమరిక ప్రకారమే కనిపిస్తాయి. శీర్షికలో మైనస్ మొత్తం వచ్చే అవకాశం ఉంటే ABS తో మైనస్ తీసేసి, 'లోటు' అన్న మాటను బయట రాయడం మంచిది. పాఠకులకు కూడా మైనస్ గీత కంటే 'లోటు రూ.1,02,650' అన్నది తొందరగా అర్థమవుతుంది.

ఇంత పొడవు నమూనాను ప్రతి ఫార్ములాలో రాస్తే చదవడం కష్టం, ఒక వాలుగీత తప్పినా ఎక్కడ తప్పిందో తెలియదు. దాన్ని పక్కనెక్కడైనా ఒక సెల్‌లో, H1 అనుకుందాం, కొటేషన్ గుర్తులు లేకుండా ఒక్కసారి రాసిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఎక్కడ కావాలన్నా ఇలా రాస్తే చాలు.

```
=TEXT(B3,$H$1)
```

లక్షల్లో చెప్పాలనుకునేవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఎక్సెల్‌లో నమూనా చివర ఒక కామా పెడితే సంఖ్య వేలల్లోకి, రెండు పెడితే మిలియన్లలోకి కుదించుకుపోతుంది. లక్షలకు, కోట్లకు అలాంటి గుర్తు లేదు. విలువనే లక్షతో భాగించాలి: TEXT(B3/100000,"0.00")&" లక్షలు". అప్పుడు 12.47 లక్షలు అని వస్తుంది. కోట్లకైతే 10000000తో భాగించాలి. సున్నాలు లెక్కపెట్టి రాయాలి, ఒకటి తగ్గితే శీర్షికలో పదింతల తేడా వస్తుంది, వాక్యం మాత్రం చక్కగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు.

నూటికి నూరు కానిది నూరయినప్పుడు

TEXT రూపం ఇచ్చేటప్పుడు అంకెను సవరిస్తుంది కూడా. నమూనాలో చోటు లేని దశాంశాలను దగ్గరి అంకెకు చేరుస్తుంది. 0.92396ను 92.4% అనడం వల్ల ఎవరికీ నష్టం లేదు. వసూలు రూ.13,44,600 అయిన నెలను తీసుకోండి. డిమాండ్ రూ.13,50,000లో అది 99.6 శాతం. నమూనా "0%" అని ఉంటే శీర్షికలో '100%' అని వస్తుంది. కింద పట్టికలో రూ.5,400 బకాయి స్పష్టంగా ఉంటుంది. ఆ శీర్షికనే చదివి సమావేశంలో నూరు శాతం వసూలు అని ప్రకటిస్తే, ఆ బకాయి ఉన్న సంఘం గురించి ఎవరూ అడగరు. దాన్ని పట్టించుకోవాల్సిన నెల అలా జారిపోతుంది.

ఒక దశాంశం చూపిస్తే చాలావరకు సరిపోతుంది. అయినా 99.96 శాతం వచ్చిన నెలలో "0.0%" కూడా 100.0% అనే చెబుతుంది. వసూలు శాతం లాంటి చోట్ల అంకెను పైకి సవరించకుండా కిందికే కత్తిరించడం నిజాయితీ గల పద్ధతి.

```
=TEXT(ROUNDDOWN(B3/B2,3),"0.0%")
```

మూడు దశాంశాలకు కత్తిరించాక శాతంగా చూపిస్తే ఒక దశాంశం మిగులుతుంది. అప్పుడు చివరి రూపాయి వసూలయితేనే 100.0% అని వస్తుంది.

శీర్షికలో పోయిన నెలతో పోలిక కూడా ఉంటే ఇంకా ఉపయోగం. B5లో ఫిబ్రవరి వసూలు రూ.11,86,200 ఉందనుకుందాం. పెరిగితే ఒక మాట, తగ్గితే ఇంకో మాట రావాలి. IF పెట్టి రెండు వాక్యాలు రాసే అవసరం లేకుండా TEXT ఒక్కటే ఈ పని చేయగలదు. నమూనాను సెమీకోలన్‌తో మూడు ముక్కలు చేస్తే, మొదటి ముక్క సున్నా కంటే పెద్ద సంఖ్యలకు, రెండోది మైనస్ సంఖ్యలకు, మూడోది సున్నాకు వర్తిస్తుంది.

```
="ఫిబ్రవరితో పోలిస్తే "&TEXT(ROUND(B3/B5-1,3),"0.0% ""పెరుగుదల"";0.0% ""తగ్గుదల"";""మార్పు లేదు""")
```

దీని ఫలితం 'ఫిబ్రవరితో పోలిస్తే 5.2% పెరుగుదల'. నమూనా లోపల మాటలు రాయాల్సి వచ్చింది కాబట్టి వాటి చుట్టూ కొటేషన్ గుర్తులు రెండేసి పెట్టాలి. బయటి కొటేషన్‌తో కలిసిపోకుండా ఉండటానికి అది తప్పదు. రెండో ముక్కలో మైనస్ గుర్తు రాయలేదు కాబట్టి '-3.1% తగ్గుదల' అనే వింత వాక్యం రాదు, '3.1% తగ్గుదల' అనే వస్తుంది. ROUND ఎందుకంటే, తేడా 0.01 శాతం లాంటి చిన్నదైతే '0.0% పెరుగుదల' అని అర్థం లేని మాట రాకుండా 'మార్పు లేదు' అని రావడానికి. ఫార్ములాలో 'ఫిబ్రవరి' అని చేత్తో రాసినచోట కూడా B1ను ఒక నెల వెనక్కి జరిపి TEXT పెట్టాలి. లేకపోతే మొదట చెప్పుకున్న పాత చిక్కే మళ్లీ మొదలవుతుంది.

ఇలాంటి ఫార్ములాలను ఒకరికొకరు వాట్సాప్‌లోనో వర్డ్ ఫైలులోనో పంపుకుంటారు. అక్కడ నిటారుగా ఉండే కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోవచ్చు. కంటికి తేడా పెద్దగా తెలియదు, ఎక్సెల్ మాత్రం ఒప్పుకోదు. అతికించిన ఫార్ములా పనిచేయకపోతే మొదట కొటేషన్ గుర్తులను చెరిపి, ఎక్సెల్‌లోనే మళ్లీ టైపు చేసి చూడాలి.

తేదీ తేదీ కానప్పుడు

TEXT రాసినా శీర్షికలో '31.03.2025 నాటికి' అని వస్తూ, నమూనాను ఎన్నిసార్లు మార్చినా అదే రూపం మారకుండా ఉంటే, తప్పు TEXTది కాదు. B1లో ఉన్నది తేదీ కాదు, తేదీలా కనిపించే మాట. చుక్కలతో రాసిన తేదీని మన దగ్గరి అమరికలో ఎక్సెల్ సాధారణంగా తేదీగా గుర్తించదు. TEXTకు అక్షరాల మాట ఇస్తే ఆ మాటనే తిరిగి ఇచ్చేస్తుంది, తప్పు అని చెప్పదు. తెలుసుకోవడం తేలిక. సెల్‌లో దేన్నీ కదపకుండా చూస్తే అసలైన తేదీ కుడివైపుకు, మాట ఎడమవైపుకు అంటుకుని ఉంటుంది. అనుమానం పూర్తిగా తీరాలంటే పక్క సెల్‌లో ISNUMBER(B1) అని రాసి చూడాలి. FALSE అని వస్తే అది తేదీ కాదు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దింపుకున్న జాబితాలో వందల తేదీలు ఇలా వస్తే, ఆ నిలువు వరుసను ఎంచుకుని Data మెనూలోని Text to Columns తెరిచి, మూడో మెట్టులో Date ఎంచి, పక్కన DMY అని పెడితే అన్నీ ఒకేసారి తేదీలవుతాయి.

శీర్షికలో '0 జనవరి 1900' లాంటి తేదీ కనిపిస్తే దాని కారణం ఇంకొకటి. B1 ఖాళీగా ఉంది. ఖాళీ సెల్‌ను TEXT సున్నాగా తీసుకుంటుంది, 1900 జనవరి 1కి ముందు రోజుకు ఎక్సెల్ పెట్టుకున్న రూపం అది. IF(B1="","తేదీ నింపాలి", ...) అని ముందే కాపలా పెడితే, ఖాళీ ఫారం పై ఆఫీసుకు వెళ్లేలోపే కంటపడుతుంది.

తేదీ టైపు చేసే శ్రమ ఎందుకని B1లో TODAY() పెట్టేవారున్నారు. నివేదికకు అది తగదు. మార్చి రిపోర్టును జూలైలో ఆడిట్ కోసం తెరిస్తే శీర్షిక జూలై తేదీని చూపిస్తుంది, కింద మార్చి లెక్కలుంటాయి. ఆ సెల్‌లో Ctrl నొక్కి సెమీకోలన్ కొడితే ఆనాటి తేదీ స్థిరంగా పడిపోతుంది, తర్వాత మారదు.

దేశం దాటిన ఫైలుకు వేరే కష్టం ఉంది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు అక్కడి కంప్యూటర్‌లో మన ఫైలు తెరిస్తే, సంవత్సరం ఉండాల్సిన చోట yyyy అన్న అక్షరాలే కనిపిస్తాయి. జర్మన్ అమరికలో రోజుకు T, సంవత్సరానికి J వాడతారు. YEAR లాంటి ఫంక్షన్ పేర్లను ఎక్సెల్ ఆ భాషలోకి తనే మార్చుకుంటుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది మాత్రం దానికి మామూలు మాట, అందుకే ముట్టుకోదు. అలాంటి ఫైళ్లకు తేదీ భాగంలో TEXTను పక్కనపెట్టి, CHOOSE(MONTH(B1),"జనవరి","ఫిబ్రవరి", ...) అంటూ పన్నెండు నెలల పేర్లూ రాసి, DAY(B1), YEAR(B1) అతికించడం నమ్మకమైన దారి.

వచ్చిన వాక్యాన్ని ఎక్కడ పెట్టాలి

TEXT ఇచ్చేది మాట, అంకె కాదు. '12,47,350' అని కనిపించినా SUM దాన్ని మొత్తంలో కలపదు, కలపలేదని చెప్పదు కూడా. అందుకే పట్టిక లోపలి సెల్‌లలో TEXT వాడకూడదు. అక్కడ మామూలు ఫార్మాట్ చాలు. TEXT స్థానం శీర్షికలోనూ, కింద రాసే వివరణ వాక్యాల్లోనూ మాత్రమే. ఫార్ములాతో వచ్చిన వాక్యంలో ఒక్క అంకెనే లావుగానో ఎర్రగానో చేయడం కూడా కుదరదు, సెల్ మొత్తానికీ ఒకే రూపం. అంకె విడిగా మెరవాలంటే దాన్ని పక్క సెల్‌లోకి మార్చుకోవాలి.

నివేదిక నాలుగైదు పేజీలు ఉంటే, ప్రతి పేజీ మీదా శీర్షిక రావాలని కొందరు Page Setupలోని Header పెట్టెలో ఫార్ములా రాయబోతారు. ఆ పెట్టె ఫార్ములాలను తీసుకోదు. పేజీ సంఖ్య, ప్రింటు తీసిన రోజు తేదీ, ఫైలు పేరు లాంటి కొన్నింటినే తీసుకుంటుంది. దానికి బదులు శీర్షికను షీటులోనే మొదటి వరుసలో ఉంచి, Page Layout మెనూలో Print Titles తెరిచి, Rows to repeat at top దగ్గర $1:$1 అని ఇస్తే ప్రతి పేజీ మీదా ఆ వరుస అచ్చవుతుంది, TEXTతో వచ్చిన తేదీ సహా.

గ్రాఫు పేరు విషయంలోనూ అంతే. గ్రాఫు శీర్షికలో నేరుగా TEXT రాయడం కుదరదు, ఒక సెల్‌కు ముడి వేయడం మాత్రం కుదురుతుంది. ముందు వాక్యాన్ని A1లో ఫార్ములాగా తయారుచేసుకోవాలి. ఆ తర్వాత గ్రాఫు శీర్షిక మీద ఒక్కసారి నొక్కి, పైన ఫార్ములా గీతలో = టైపు చేసి, A1ను నొక్కి ఎంటర్ కొట్టాలి. అక్కడ =Sheet1!$A$1 అని పడుతుంది. వచ్చే నెల B1లో ఏప్రిల్ 30 అని, B2, B3లలో కొత్త అంకెలు వేయగానే పట్టిక, శీర్షిక, గ్రాఫు పేరు మూడూ ఏప్రిల్‌లోకి మారతాయి. B5లో మార్చి వసూలు 12,47,350ను వేయడం మాత్రం అకౌంటెంట్ గుర్తుపెట్టుకోవాలి.